గిజిగాడి సగం గూడు

ఒంటరిగా చదవడం మొదలుపెట్టిన పిల్లలకు, నాలుగు అధ్యాయాలు

బొమ్మలు వేసేవారికి: ఏ వాక్యమూ ఆరు మాటలు దాటలేదు. బొమ్మకు చోటు చాలకపోతే బొమ్మనే తగ్గించండి, అక్షరాలను కాదు. మొదటి మూడు అధ్యాయాలూ కుడి పేజీలోనే ముగియాలి. వాటి జవాబు పేజీ తిప్పాకే కనిపించాలి. ఎదురు పేజీలో బొమ్మ పడితే పిల్లలు ముందే చూసేసి చదవడం ఆపేస్తారు. పసుపు తల మగపక్షికి మాత్రమే. ఆడపక్షి పిచ్చుకలా గోధుమరంగులో ఉంటుంది. ఈ తేడా పోతే కథే అర్థం కాదు.

1. తాటిచెట్టు కింద

రాత్రంతా వాన పడింది. పొద్దున్నే ఆగింది.

చిన్ని చెరువుగట్టుకు పరుగెత్తింది. వెనకే అన్న బాలు వచ్చాడు.

తాటిచెట్టు కింద ఏదో పడి ఉంది. అది పచ్చటి గూడు!

చిన్ని దాన్ని చేతిలోకి తీసుకుంది. దానికి అడుగు లేదు. మధ్యలో అడ్డంగా ఒక పట్టీ ఉంది.

"అన్నా, ఇది సగం గూడే!"

[బొమ్మ 1, అర పేజీ: చిన్ని అరచేతుల్లో బోర్లించిన టోపీలాంటి గూడు. లోపలి భాగం కనిపించకూడదు.]

చిన్ని లోపల వేలు పెట్టింది. చల్లగా తగిలింది. మెత్తగా కూడా ఉంది.

చటుక్కున చెయ్యి లాక్కుంది.

"అన్నా! లోపల ఏదో ఉంది!"

2. చల్లటి ముద్ద

బాలు గూడును తిరగేశాడు. లోపలి గోడకు బురద ముద్ద!

"పక్షికి బురదెందుకు?" అన్నాడు బాలు. చిన్నికీ తెలియలేదు.

"చీ... చీ... చీ!"

ఇద్దరూ తలెత్తారు. తాటాకులకు గూళ్లు వేలాడుతున్నాయి. కొన్నిటికి పొడవాటి గొట్టాలు. కొన్ని టోపీల్లా ఉన్నాయి.

[బొమ్మ 2, రెండు పేజీలు: కింది నుంచి చూసినట్టు తాటిచెట్టు. గొట్టం ఉన్న గూళ్లు ఐదు, సగం గూళ్లు మూడు. సగం గూళ్లలో పిల్లల్ని గీయొద్దు, అడుగు లేని గూట్లో గుడ్లు నిలవవు.]

ఒక సగం గూటికి పసుపుతల పక్షి వేలాడుతోంది. తలకిందులుగా!

ఉన్నట్టుండి అది కిందికి దూకింది. వరిచేలో పడింది.

మళ్లీ పైకి రాలేదు.

3. ఆకు పోగు

"దెబ్బ తగిలిందా?"

చిన్ని మెల్లగా గట్టు దిగింది. పక్షి వరిమొక్క మీద కూర్చుంది!

ముక్కుతో ఆకు అంచును కొరికింది. కొరికిన చోటే పట్టుకుంది. రివ్వున ఎగిరింది.

సర్ర్! సన్నటి పోగు చీలింది. పోగుతో పక్షి చెట్టు చేరింది.

[బొమ్మ 3, మూడు చిన్న బొమ్మలు వరసగా: కొరకడం, పట్టుకోవడం, ఎగరడం.]

"నేనూ చేస్తా!" అంది చిన్ని.

గట్టు మీది గడ్డి తీసుకుంది. ఆకు మధ్యలో పట్టి లాగింది. ఫట్! తెగిపోయింది.

"అంచున గోరుతో గిల్లు," అన్నాడు బాలు.

చిన్ని గిల్లింది. మెల్లగా లాగింది. సర్ర్! పొడవాటి పోగు వచ్చింది!

అప్పుడే ఇంకో పక్షి వచ్చింది. దాని తల పసుపు కాదు. అది సగం గూట్లో దూరింది.

గూడు ఊగింది. ఒక పోగు కింద పడింది. ఇంకో పోగు పడింది.

"అన్నా, గూడు ఊడిపోతోంది!"

4. నచ్చిందా?

గూడు ఊడలేదు. పక్షి బయటికొచ్చింది. తుర్రున ఎగిరిపోయింది.

"దానికి నచ్చలేదర్రా!"

వెనక తాతయ్య నవ్వుతున్నాడు.

"అది ఆడపక్షి. అల్లేది మగ గిజిగాడు. సగం అల్లాక ఆడపక్షి చూస్తుంది. నచ్చితేనే మిగతాది అల్లుతాడు."

"నచ్చకపోతే, తాతయ్యా?"

"వదిలేస్తాడు. ఇంకోటి మొదలుపెడతాడు."

"మరి ఈ బురద?"

"అందులో మిణుగురును అంటిస్తాడని అంటారు. అదే వాడి దీపమట!"

చిన్ని బురదంతా వెతికింది. "మిణుగురు లేదే!"

"అయితే బరువు కోసమేమో. గాలికి ఊగకుండా."

మర్నాడు పసుపుతల పక్షి కొత్త ముడి వేసింది. పిల్లలు రోజూ వచ్చి చూశారు. వారం దాటింది.

ఆడపక్షి మళ్లీ వచ్చింది. కొత్త గూట్లో దూరింది. చిన్ని ఊపిరి బిగబట్టింది.

[ఇక్కడ పేజీ తిప్పాలి. బొమ్మ 4, పూర్తి పేజీ: గూట్లోంచి తొంగిచూస్తున్న గోధుమరంగు తల. పక్కనే పోగు పట్టుకున్న పసుపుతల.]

పక్షి వెళ్లిపోలేదు! గిజిగాడు గొట్టం అల్లడం మొదలుపెట్టాడు.

చిన్ని రోజూ కింద నిలబడి కొలిచింది.

"మొన్న నా వేలంత ఉంది, తాతయ్యా. ఈరోజు నా జానెడు!"