సిరోంచ బడి గ్రౌండ్‌లో నీడ గడియారం (ఏడో తరగతికి, ఫిబ్రవరి 10)

పిల్లలూ, రేపు తొమ్మిదికి ముందే గ్రౌండ్‌కి రండి. టోపీ గానీ తువ్వాలు గానీ, నీళ్ల బాటిల్ ఉండాలి. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, మనకు పని నీడతోనే. మరాఠీ పుస్తకంలో సావలీ అని ఉన్నది మనింట్లో నీడే కదా, రాసేటప్పుడు ఏది రాసినా నాకు ఫర్వాలేదు.

చెట్టు నీడ, గోడ నీడ పడని చోట ఒక నిటారు కర్ర పాతుతాం. భూమి పైన సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండాలి. కంటితో చూసి నిటారుగానే ఉంది సార్ అనొద్దు, దారానికి రాయి కట్టి రెండు వైపుల నుంచీ పట్టుకుని చూడండి. కర్ర వంగితే లెక్క మొత్తం వంగుతుంది. ఇద్దరు కాపలా ఉండాలి, ఎందుకంటే పోయినేడు ఒక మేక వచ్చి కర్రకు వీపు గోక్కుంది, పదకొండు గంటల గుర్తు గల్లంతు.

తొమ్మిది నుంచి గంటగంటకూ నీడ కొస దగ్గర గులకరాయి పెట్టి, టేపుతో కొలిచి, టైమ్ పక్కన రాయండి. తొమ్మిదికి 175 దాకా, పదికి 113, పదకొండుకి 81, పన్నెండుకి 67 సెంటీమీటర్ల దగ్గర రావాలి. నీడ కొస మసకగా ఉంటుంది కాబట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే కొట్టుకోకండి.

ఇప్పుడు అసలు సంగతి. పన్నెండుకి నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుందని అందరూ అంటారు, నేనూ అదే నమ్మి పోయినేడు గడియారం చూసి పన్నెండుకి గీత గీసి ఇదే ఉత్తరం అన్నాను. రాత్రి ధ్రువ నక్షత్రంతో పోల్చి చూస్తే గీత పది డిగ్రీలు పడమరకి పోయింది. సిగ్గేసింది గానీ దానివల్లే ఈ సారి పద్ధతి మారింది. పదికి నీడ కొస దాకా తాడు పట్టి, కర్ర చుట్టూ ముగ్గుపిండితో వృత్తం గీయండి. నీడ లోపలికి తగ్గిపోయి, మధ్యాహ్నం మళ్లీ పెరుగుతూ వచ్చి అదే వృత్తాన్ని తాకుతుంది, సుమారు 2:48కి. ఆ రెండు చుక్కలనూ కలిపితే తూర్పు పడమరల గీత. దాని మధ్య నుంచి కర్ర దాకా గీస్తే ఉత్తర దక్షిణాలు. సూర్య సిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలో శంకువుతో, అంటే ఇలాంటి నిటారు కర్రతో, దిక్కులు పట్టేది ఇలాగే. పదికీ 2:48కీ సరిగ్గా మధ్య టైమ్ ఎంత? 12:24. మన ఊరి నిజమైన మిట్టమధ్యాహ్నం అది.

ఆ 24 నిమిషాలు ఎక్కడివి? భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతూ 24 గంటల్లో 360 డిగ్రీలు, అంటే గంటకి 15, ఒక్క డిగ్రీకి 4 నిమిషాలు. దేశమంతటి గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది, సిరోంచ ఉన్నది సుమారు 80 దగ్గర, కాబట్టి 10 నిమిషాలు ఆలస్యం. మిగతా 14 ఈ నెల సంగతి: భూమి కక్ష్య కొంచెం కోడిగుడ్డులా ఉండటం, ఇరుసు వాలి ఉండటం వల్ల. నవంబర్ మొదట్లో ఇది తిరగబడుతుంది, అప్పుడు మనకి మిట్టమధ్యాహ్నం 11:54కే. ఒడిశా పర్లాకిమిడిలో నా స్నేహితుడు రేపే వాళ్ల పిల్లలతో ఇదే చేయిస్తున్నాడు. వాళ్లు మనంత ఉత్తరాన్నే ఉన్నారు కాబట్టి పొట్టి నీడ మనంతే, 65 దగ్గర, కానీ వాళ్లకి 12:08కే వచ్చేస్తుంది. సాయంత్రం ఫోన్ చేసి లెక్కలు సరిచూద్దాం.

మూడు దాటాక గడియారం. గుండ్రటి అట్ట నడుమ గుండా పెన్సిల్ దూర్చి, రెండు వైపులా 15 డిగ్రీలకో గంట గీత గీయండి. ఇందాకటి గీత మీద పెన్సిల్ పై కొసని ఉత్తరానికి తిప్పి, నేల నుంచి 19 డిగ్రీలు లేపండి, అది మన అక్షాంశం. పెన్సిల్ ఇప్పుడు భూమి ఇరుసుకి సమాంతరం. అట్ట దాదాపు నిలబడినట్టే ఉంటుంది, కంగారు పడకండి. ఈ నెలలో నీడ దక్షిణం వైపు ముఖం మీదే పడుతుంది, పైగా గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. పన్నెండు గీత నేరుగా కిందికి, పొద్దుటి గంటలు ఎడమ పక్కన, సాయంత్రంవి కుడి పక్కన. అందులో మూడు చూపిస్తే చేతి గడియారం 3:24 చూపాలి. మార్చి 21 దాటాక వెలుగు అవతలి ముఖానికి మారుతుంది, అందుకే రెండు వైపులా గీయమన్నది.

కర్ర పారేయకండి, మూలకి జరిపి అక్కడ పాతి ఉంచుదాం. మే 15 అటూ ఇటూ ఒక రోజు, 12:06 ప్రాంతంలో దాని నీడ మొత్తం కాళ్ల కిందికి పోతుంది. అప్పుడు మీకు సెలవులు. జూలై ఆఖర్న ఇంకోసారి వస్తుంది గానీ ఆ రోజు మబ్బు లేకుండా ఉండాలిగా! ఇంటి దగ్గరే ఒక కర్ర పాతుకుని మేలో చూసి నాకు ఫోన్ చేయండి.