విషయం: జనవరి 19 నుంచి 25 వరకు మౌనంగా ఉండటానికి వసతి కోరుతూ

శ్రీ విశ్వజననీ పరిషత్ నిర్వాహకులకు,
జిల్లెళ్ళమూడి.

జయహో మాతా. నమస్కారాలతో రాస్తున్నాను.

నా పేరు సుజాత, వయసు 46. విజయవాడలో ఒక ఆసుపత్రి ఐసీయూలో నర్సుగా చేస్తున్నాను. చిన్నప్పుడు అమ్మమ్మ వెంట అందరింటికి వచ్చి, అన్నపూర్ణాలయంలో పంక్తిలో కూర్చుని తిన్నదాన్ని. మళ్ళీ రావడం కుదరలేదు.

2026 జనవరి 19 సోమవారం మధ్యాహ్నానికి చేరుకుని, 25 ఆదివారం ఉదయం బయల్దేరాలని అనుకుంటున్నాను. సంక్రాంతికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారని ఈ తేదీలు చూసుకున్నాను. సెలవు మంజూరైంది. ఆ రోజుల్లో విశేష కార్యక్రమం ఏదైనా ఉండి గదులు చాలవనుకుంటే ఫిబ్రవరి మొదటి వారానికి మార్చుకుంటాను.

ఎందుకు వస్తున్నానో చెప్పాలి. వార్డులో మానిటర్లు కూస్తూనే ఉంటాయి. ఇంటికొచ్చి పడుకున్నాక కూడా ఆ కూత చెవిలో ఆగదు, ఉలిక్కిపడి లేచి కూర్చుంటాను. దానికి తోడు, బయట కూర్చున్న బంధువులకు గంట గంటకూ ఏదో ఒకటి చెప్పాలి. ఒక్క వారం ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా, అమ్మ సన్నిధిలో కూర్చోవాలని ఉంది. నామం వినిపించే చోట గది ఇచ్చినా నాకు ఇబ్బంది లేదు, అది వింటూ నిద్రపోవాలనే ఆశ.

పొద్దున లేచింది మొదలు సాయంత్రం దాకా మౌనం పాటిద్దామనుకుంటున్నాను. అక్కడ అందుకు అభ్యంతరం ఉంటుందా? పలకరించినవాళ్ళు నొచ్చుకోకుండా ముందే మీరు ఒక మాట చెప్పి ఉంచితే మేలు. ఫోన్ ఆఫీసులో అప్పగిస్తాను, రోజుకొకసారి మా తమ్ముడికి క్షేమం చెప్పడానికి తీసుకుంటాను.

వేరే గదే కావాలని లేదు. ఆడవాళ్ళతో కలిసి ఉండే చోటైనా, చాప వేసుకునే జాగా ఉంటే చాలు. భోజనం మాత్రం అందరితో పంక్తిలోనే చేస్తాను, నాకు విడిగా ఏమీ వండించవద్దు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటాను కాబట్టి కాఫీ, టిఫిను కాస్త ఆలస్యంగా తీసుకుంటాను, అంతే. మాట్లాడకుండా చేయగలిగిన పని ఏదైనా చెప్పండి: కూరలు తరగడం, విస్తళ్ళు వేయడం, ఎంగిలాకులు తీయడం. 1958 నుంచి వచ్చినవాళ్ళందరికీ అన్నం పెడుతున్న ఇల్లు, ఊరికే తిని వెళ్ళడానికి మనసొప్పదు. గది తాలూకు రుసుము ఉంటే తెలియజేయండి. అన్నదానానికి నా శక్తి కొద్దీ విడిగా ఇచ్చుకుంటాను.

రైల్లో బాపట్ల దాకా వస్తాను. అక్కడి నుంచి బస్సు వేళలు తెలిస్తే రాయగలరు. ఆధార్ కార్డు తెస్తాను. ఇంకేం కావాలన్నా, ఉదయం పూజకు ఎన్నింటికి రావాలో, రాత్రి గేటు ఎప్పుడు వేస్తారో కూడా తెలిపితే అలాగే నడుచుకుంటాను.

రైలు టికెట్టు తీసుకోవాలి కాబట్టి జనవరి 5 లోపు ఈ మెయిల్‌కే జవాబివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కె. సుజాత
విజయవాడ