కె.ఆర్. పురం కస్టమరు సందేశాలు: తెలుగు పాఠం, సర్వీసు, రీఫండు టీములకు

శుక్రవారం రాత్రి 11.38 నుంచి 12.21 మధ్య వాట్సాప్‌లో ఈయన మూడు సందేశాలు పంపారు. భాష కన్నడ, టైపు చేసింది ఇంగ్లిష్ అక్షరాల్లో. ఈ షిఫ్టులో కన్నడ చదివేవారు లేరని తెలుగు చేసి పెడుతున్నాను. బూతులు రాయలేదు. అవి ఉన్న చోట, ఎవరిని అన్నారో, ఎంత ఘాటుగా అన్నారో చదరపు బ్రాకెట్లలో చెప్పాను. తక్కిన మాటల్లో దేన్నీ మెత్తబరచలేదు. అంకెలు, రోజులు, రూపాయలు అన్నీ ఆయన రాసినవే.

మొదటి సందేశం, 11.38

“మీ వాటర్ ఫిల్టరు బిగించి పద్నాలుగు నెలలైంది. ఏడాది నిర్వహణకు 4,500 కట్టాను. మాది బోరు నీళ్లు. నీళ్లు ఉప్పగా వస్తున్నాయని మీకు నాలుగుసార్లు చెప్పాను. మంగళవారం మీ మనిషి వచ్చారు. రాగానే, ఇంకా మూత కూడా విప్పకముందే, హాజరు నమోదు కావాలంటూ ఓటీపీ అడిగి తీసుకున్నారు. మెంబ్రేన్ మార్చాను, 1,800 ఇవ్వండి అన్నారు. ఒప్పందంలోనే వస్తుంది కదా అని అడిగితే రాదన్నారు. ఆయన సొంత ఫోను నంబరుకే పంపించుకున్నారు. ఈరోజు పక్కింటివాళ్ల టీడీఎస్ మీటరుతో చూస్తే 640 చూపిస్తోంది. బిగించిన రోజు 70 ఉంది. కింద పైపు కారి వంటగది అల్మారా ప్లైవుడ్ ఉబ్బిపోయింది. ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉంది. క్యాను నీళ్లు కొంటున్నాం. దయచేసి రేపు ఉదయం ఎవరినైనా పంపండి.”

రెండో సందేశం, 11.52

“[తల్లి పేరుతో బూతు, సంస్థను ఉద్దేశించి] పరిష్కరించారా? ఎవడు పరిష్కరించాడు, ఏమి పరిష్కరించాడు? నేను కన్నడలో రాస్తే నువ్వు ఇంగ్లిష్‌లో నక్షత్రాలు అడుగుతావా? బెంగళూరులో వ్యాపారం చేస్తున్నావు, కన్నడ చదివేవాడు ఒక్కడూ లేడా [తెలివితక్కువవాడు అనే అర్థంలో తిట్టు, తేలికపాటిది]? ఓటీపీ తీసుకున్నది ఇందుకన్న మాట! మీవాడు దొంగ. [మొదటి బూతే, టెక్నీషియన్‌ను]. ఇంటికి దొంగను పంపించి, దొంగతనం పూర్తయింది, ఎన్ని నక్షత్రాలు ఇస్తావు అని అడుగుతున్నావు.”

మూడో సందేశం, 12.21

“ఫోను చేశాను. ఒకామె ఎత్తింది. ఉదయం తొమ్మిది తర్వాత చేయమంది. నవ్వింది. [స్త్రీని లైంగికంగా కించపరిచే మాట, ఫోను ఎత్తిన ఉద్యోగినిని ఉద్దేశించి, ఒకసారి]. నా బిడ్డ ఈ నీళ్లు తాగి ఏమైనా అయితే నువ్వు వస్తావా? [వరుసగా నాలుగు బూతులు, ప్రత్యేకంగా ఎవరినీ కాదు]. నా 1,800, నా 4,500 రెండూ వెనక్కి వేయి. అల్మారా బాగుచేయించు. లేకపోతే కన్స్యూమర్ కోర్టుకు వెళ్తాను. ఆ టెక్నీషియన్ మా వీధిలో మళ్లీ కనబడితే కాళ్లు విరగ్గొడతాను. మీ ఆఫీసు ఎక్కడుందో నాకు తెలుసు. సోమవారం వస్తాను, అక్కడే మాట్లాడుకుందాం.”

ఇక చదివేటప్పుడు గుర్తుంచుకోవలసినవి. మొదటి సందేశంలో ఒక్క తిట్టు లేదు. మిమ్మల్నే కాదు, డబ్బు తీసుకున్న టెక్నీషియన్‌ను కూడా ఆయన మర్యాదగానే ప్రస్తావించారు. కన్నడ క్రియల్లో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది, అందుకే తెలుగులోనూ ‘వచ్చారు’, ‘అన్నారు’ అని ఉంచాను. 11.40కి మన వైపు నుంచి ఆటోమేటిక్ సందేశం వెళ్లింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. బూతులు, ‘నువ్వు’లు ఆ తర్వాత మొదలయ్యాయి. మూడింటినీ కలిపి ‘కస్టమరు దుర్భాషలాడారు’ అని ఒక్క ముక్కలో టికెట్‌లో రాస్తే ఈ వరుస పోతుంది. టికెట్‌లో ఇప్పటికే అలా రాసి ఉంది. దయచేసి మార్చండి.

టెక్నీషియన్ కాళ్లు విరగ్గొడతానన్నది బెదిరింపే, దాన్ని కోపంలో జారిన మాటగా నేను తగ్గించలేను. అదే టెక్నీషియన్‌ను ఆ ఇంటికే కాదు, ఆ వీధికి కూడా పంపవద్దు. ఆఫీసుకు వస్తానన్న వాక్యం వేరు. మూలంలో కూడా అది మామూలు ‘మాట్లాడుకుందాం’. ‘మీ సంగతి చూస్తాను’ అనే ధోరణి అందులో లేదు. అయినా పక్కనే ఆ కాళ్ల మాట ఉంది కాబట్టి సోమవారం రిసెప్షన్‌లో ఉండేవారికి ముందే చెప్పి ఉంచాలి.

కన్నడ గురించి ఆయన అన్నది భాష మీద ఫిర్యాదు. మనం తెలుగువాళ్లమని అన్నది కాదు, ఆ సంగతి ఆయనకు తెలియదు కూడా. మూడు సందేశాల్లో ఎక్కడా కులం, మతం, ప్రాంతం పేరుతో తిట్టలేదు. ఉంటే బ్రాకెట్‌లో తప్పకుండా రాసేదాన్ని.

ఫోను ఎత్తిన ఉద్యోగినిని అన్న మాటకు మొదటి అక్షరం వేసి చుక్కలు కూడా పెట్టలేదు. చుక్కలు పెడితే చదివే ప్రతివారూ మనసులో పూర్తి చేసుకుంటారు. అసలు పాఠం మేనేజరు దగ్గర ఉంది. ఆ ఉద్యోగిని అడిగితే చూపించాలి, అడగకపోతే వద్దు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించాలని అన్న మాట భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కిందికి వస్తుంది; ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ‘నవ్వింది’ అన్నది మాత్రం ఆయన ఆరోపణ. కాల్ రికార్డింగు వినకుండా ఎవరూ ఆమెను ప్రశ్నించవద్దు. అసలు స్క్రీన్‌షాట్లను అందరి గ్రూపులో పెట్టకండి. కన్నడ తిట్లకూ మన తిట్లకూ దగ్గరి చుట్టరికమే ఉంది, లిపి ఇంగ్లిష్ కూడా కాబట్టి నా బ్రాకెట్ల శ్రమంతా వృథా అవుతుంది.

640 గురించి ఒక మాట. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేకపోతే 2,000 వరకు అనుమతిస్తారు. ‘మీ నీళ్లు 2,000 లోపే ఉన్నాయి’ అని ఎవరైనా జవాబు రాస్తారేమోనని నా భయం. ఆయన అడుగుతున్నది అది కాదు. 70 చూపించిన యంత్రం మెంబ్రేన్ మార్చారన్న మూడు రోజులకే 640 చూపిస్తోంది. నిజంగా మార్చారా, మారిస్తే నీళ్లు పక్కనుంచి దాటిపోతున్నాయా అన్నది సర్వీసు టీము తేల్చాలి.

కన్స్యూమర్ కోర్టు మాటను ఉత్త బెదిరింపుగా తీసిపారేయవద్దు. 2019 చట్టం ప్రకారం ఆయనకు రెండేళ్ల గడువు ఉంది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో దాఖలు రుసుము కూడా లేదు. పైగా 1,800 సొంత నంబరుకు వెళ్లిన రుజువు ఆయన ఫోనులోనే ఉంటుంది.

జవాబు తెలుగులో రాసి ఇవ్వండి, కన్నడ చేసి పంపుతాను. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని మొదలుపెడితే మాత్రం నేను అనువదించే ముందే వెనక్కి పంపుతాను; ఆయనకు అది మరో ఆటోమేటిక్ సందేశంలాగే ఉంటుంది. ఫిర్యాదు తిరిగి తెరిచామని, ఓటీపీ ఎలా తీసుకున్నారో విచారిస్తున్నామని, ఎవరు ఎన్ని గంటలకు వస్తారో మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి. ఉద్యోగినిని అన్న మాట ఒప్పుకోబోమన్న వాక్యం కూడా అందులోనే వేయండి, కానీ సర్వీసుకు దాన్ని షరతుగా పెట్టకండి. ఆ ఇంట్లో పాప ఉంది.

సోమవారం నాది ఉదయం షిఫ్టు. ఆయన వస్తే కిందికి నన్ను పిలవండి, కన్నడలో నేను మాట్లాడతాను. పక్కన సర్వీసు టీము నుంచి ఒకరు ఉండాలి.