సంతకం చేబదులు ఇవ్వొద్దు

(కొత్తగా ఎంపికైన డిప్యూటీ తహసీల్దార్ల శిక్షణలో ఒక రిటైర్డ్ డిప్యూటీ కలెక్టర్ ప్రసంగం)

అందరికీ నమస్కారం. కూర్చోండి. భోజనం అయ్యాక నిజాయితీ మీద క్లాసంటే కళ్లు మూతలు పడటం ఖాయం. అందుకే నా తప్పుతో మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, చెల్లెలి పెళ్లికి నాలుగు రోజులు సెలవు పెట్టాను. "స్కూళ్లు తెరిచే రోజులు సార్, ఆదాయ సర్టిఫికెట్ల కోసం జనం తిరుగుతారు" అన్నాడు మా సీనియర్ గుమాస్తా. పన్నెండు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, సీలు కూడా వేసి ఇచ్చి వెళ్లాను. జనానికి మేలు చేశాననే అనుకున్నాను. పదకొండు సరిగ్గానే వాడారు. పన్నెండోది ఓ రైసుమిల్లు యజమాని కొడుక్కి వెళ్లింది, ఆ ఇంటి ఆదాయం ఏడాదికి పద్దెనిమిది వేలని. విచారణలో ఆ కాగితం నా ముందు పెట్టి "ఈ సంతకం మీదేనా?" అని అడిగారు. నాదే. నేను రూపాయి తినలేదు. అయినా ఇంక్రిమెంటు ఆపారు, ఆపడమే న్యాయం.

ఇప్పుడు ఖాళీ ఫారాలు పోయి డిజిటల్ కీ వచ్చింది. అది ఆపరేటర్ డ్రాయర్‌లో, పిన్ నంబరు చీటీ మానిటర్ అంచున అంటించి ఉండటం ఎన్ని ఆఫీసుల్లో చూశానో! లోడు ఎక్కువ, నెట్ స్లో, నిజమే. కానీ ఆ కీతో పడిన ప్రతి సంతకానికీ జవాబు చెప్పాల్సింది మీరు. చట్టం అధికారం ఇచ్చింది ఆ కుర్చీకి. దాన్ని ఇంకొకరికి అప్పగించవచ్చని చట్టమే చెబితే తప్ప, మీరు అప్పగించలేరు. మీ దాకా రానిదాన్ని వాడనూ లేరు. విచారించి రిపోర్టు ఇవ్వడం మీ పని, ఆర్డరు తహసీల్దారుది అయినప్పుడు రిపోర్టు దగ్గర ఆగండి. చేరిన మొదటి వారంలోనే, ఏ పనికి ఏ సెక్షన్, ఏ జీవో కింద అధికారం ఉందో ఒక కాగితం మీద రాసుకుని టేబుల్ అద్దం కింద పెట్టుకోండి.

కిందివాళ్లకే కాదు, పైవాళ్లకూ సంతకం చేబదులు ఇవ్వకూడదు. బొంబాయిలో గోర్ధన్‌దాస్ భాన్జీ అనే ఆయనకు సినిమాహాలు కట్టుకోవడానికి పోలీస్ కమిషనర్ అనుమతి ఇచ్చి, 1947లో రద్దు చేశారు. ఉత్తరంలో ఏముందంటే, ప్రభుత్వం ఆదేశించింది కాబట్టి రద్దు అని. 1951లో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లదంది. రూల్స్ ఆ అధికారాన్ని కమిషనర్‌కి ఇచ్చాయి, ఆలోచించి తేల్చాల్సింది ఆయనే. ఆర్డరులో రాయని కారణాలను తర్వాత వచ్చి చెబితే ఒప్పుకోమని కూడా అంది. పెద్ద నగరపు పోలీస్ కమిషనర్‌కే చెల్లనిది మనకు చెల్లుతుందా?

ఇక ఫోన్ల సంగతి. ఒత్తిడి బెదిరింపుగా రావడం తక్కువ. "ఏం బాబూ, ఎలా ఉన్నావు? మనవాడొకడు వస్తాడు, కాస్త చూడు" అని వస్తుంది. ప్రతి ఫోనూ తప్పుడు పనికే అనుకోకండి. నెలల తరబడి మనం తొక్కిపెట్టిన ఫైలు కోసం విసిగిపోయి లీడర్ దగ్గరికి వెళ్లినవాళ్లే చాలామంది. అలాంటిది ఆ రోజే చేసెయ్యండి. అవతల చట్టం అమ్మనివ్వని అసైన్డ్ భూమిని అమ్ముకోవడానికి దారి అడుగుతుంటే, "1977 చట్టం ఉందండీ, నా చేతిలో లేదు" అని మర్యాదగా, ఒక్కసారే చెప్పండి. "చూద్దాం సార్" అన్నారో, టెన్షన్ మొదలైనట్టే. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకుంటారు. వారం తర్వాత కాదంటే మాట తప్పినవారు మీరే అవుతారు.

పై అధికారి నోటిమాటగా చెబితే? 2013లో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు నోటి ఆదేశాల మీద పనిచేయొద్దంది. అలాగని గొడవ పెట్టుకోనక్కర్లేదు. "ఫలానా తేదీ, ఫలానా సమయానికి తమరు ఫోన్‌లో ఇలా ఆదేశించారు, నిబంధన ఇలా ఉంది, ధృవీకరించగలరు" అని నోట్ ఫైల్లో రాసి పంపండి. నా సర్వీసులో అలా పంపినవాటిలో సగానికి పైగా జవాబే రాలేదు. నష్టం మాత్రం ఉంది. రెండు బదిలీలు, ఒకటి పిల్లల పరీక్షల ముందు. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. "న్యాయమైన పనే చేశాను, అతను సంతోషంగా ఇచ్చాడు" అనే మాట అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 7 ముందు నిలవదు. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు. ఏసీబీ వాళ్లు లంచం తీసుకున్న ఓ కుర్రాణ్ని గాజు గ్లాసులో వేళ్లు ముంచమన్నప్పుడు, నోట్లకు పూసిన పొడి వేళ్లకు అంటి ఉండటంతో నీళ్లు గులాబీ రంగుకు తిరగడం నేను ఒకసారి పక్కన నిలబడి చూశాను. అప్పుడు ఆ కుర్రాడు చూసింది గ్లాసు వైపు కాదు, గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండర్ వైపు.

టీ వచ్చినట్టుంది. తాగి రండి. తర్వాత నేను లీడర్ పీఏలా ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. మీరు మాట్లాడి, వెంటనే నోట్ ఫైల్లో రాయాలి. మొదట వెనక బెంచీ.