టర్బైన్ మాన్యువల్‌లో ఇంగ్లీషు మాటలు ఎందుకు ఉంచానంటే

సార్, నమస్తే.

"ట్రిప్, గ్లాండ్, బేరింగ్ గేర్ ఇవన్నీ తెలుగు చేయలేదేంటి, డబ్బులిచ్చింది అందుకే కదా" అన్నారు. కావాలనే వదిలేశాను.

ముందు ట్రిప్ సంగతి. షట్‌డౌన్ అంటే లోడు మెల్లగా తగ్గించుకుంటూ మనం ఆపడం. ట్రిప్ అంటే 3000 ఆర్‌పీఎమ్ మీద తిరగాల్సిన మెషీన్ ఓవర్‌స్పీడ్ అయినా, లూబ్ ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, స్టాప్ వాల్వులు టక్కున మూసుకుని ఆవిరి ఆగిపోవడం. రెండిటికీ "నిలిపివేత" అని రాస్తే, స్క్రీన్ మీద TURBINE TRIP అని ఎర్రగా వెలుగుతున్నప్పుడు రాత్రి షిఫ్టు కుర్రాడు ఏ పేజీ తీయాలి?

గ్లాండ్‌ని నిఘంటువు చూసి "గ్రంథి" అని రాస్తే మీవాళ్లు థైరాయిడ్ అనుకుంటారు. షాఫ్టు కేసింగ్‌లోంచి బయటికొచ్చే చోట ఆవిరి బయటికి, గాలి లోపలికి పోకుండా సీల్ చేసే భాగమని మొదటిసారి వచ్చిన చోటే తెలుగులో వివరించాను.

బేరింగ్ గేర్‌కి ఇంకో తిరకాసు: ఇంగ్లీషులో అది barring, bearing కాదు; తెలుగులో "బేరింగ్" అని రాస్తే మామూలు బేరింగులానే కనిపిస్తుంది. అందుకే "బారింగ్ గేర్" అని మార్చాను. మెషీన్ ఆగాక వేడి రోటర్ వంగిపోకుండా మెల్లగా తిప్పుతూ ఉండేది అదే కాబట్టి, ఇక్కడ పొరపాటు పడితే ఖరీదైన వ్యవహారం.

జాగ్రత్తలు, చేయాల్సిన పనుల వరుస, హెచ్చరికలు మాత్రం మొత్తం తెలుగే. కంట్రోల్ ప్యానెల్ ఫొటోలు పంపండి, లేబుళ్లతో ఒకసారి సరిచూసి ఫైనల్ ఫైలు ఇస్తాను.

ఇట్లు,
మీ అనువాదకుడు