మా బుజ్జి పుట్టినరోజుకి

ఏటే బుజ్జీ, లేచావా? పుట్టినరోజు శుభాకాంక్షలు!

పొద్దున్నుంచి హాస్టల్ గ్రూపులో నీకు వస్తున్న గులాబీలు, కొవ్వొత్తులు, "నీ జీవితం పూలబాట కావాలి"లు అన్నీ చూశాను. ఒకటైతే ఎవరో అన్నయ్యకి పంపింది యథాతథంగా నీకు తోసేశారు, "ప్రియమైన సోదరా" అని. నువ్వు దానికి కూడా దండం బొమ్మ పెట్టి థాంక్యూ అన్నావు చూడు, అదీ నువ్వంటే!

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది, ఇవాళ చెప్పేస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ ఊరికి ఫోన్లు కలవక, కరెంటు లేక, రోడ్ల మీద చెట్లు పడిపోయి బస్సులు ఆగిపోయి, నువ్వు ఎలా ఉన్నావో తెలియక మేమిక్కడ శ్రీకాకుళంలో తెగ టెన్షన్ పడుతుంటే, తర్వాత నువ్వు మామూలుగా సంచి పట్టుకుని హాస్టల్‌కి వచ్చి "రికార్డులు రాశారా?" అని అడిగావు. మీ జీడితోట మొత్తం పడిపోయిందని నీ నోటితో చెప్పనేలేదు. మీ నాన్నగారు మా నాన్నకి చెబితే తెలిసింది. అదే మనిషివి, మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరూ పిలవకుండానే పలాస నుంచి క్యారేజీతో దిగిపోయావు, మా అమ్మ తినే వరకు ఎదురుగా కూర్చున్నావు, పైగా నర్సమ్మతో గొడవ కూడా పెట్టుకున్నావు (ఆవిడ తప్పేం లేదులే, పాపం).

అందరి కష్టం దగ్గరికీ పరిగెత్తుకెళ్తావు, నీ కష్టం మాత్రం ఎవరికీ తెలియనివ్వవు. ఇది నాకు నచ్చదే. గొప్ప గుణమని మీ పిన్ని మెచ్చుకుంటుందేమో గాని నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. బెంగళూరులో ఆఫీసు బాగోలేకపోయినా, రూమ్మేట్ సతాయించినా, అర్ధరాత్రి ఊరికే ఏడుపొచ్చినా నాకు ఫోన్ చెయ్యి. నిద్రలో ఉంటే తిడతాను, కానీ ఎత్తుతాను.

మొన్న మీ నాన్నగారు పంపిన జీడిపప్పు అందింది. కొత్తగా వేసిన మొక్కల కాపే అట కదా. మా అమ్మ పొట్లం ఇంకా విప్పలేదు, నువ్వొస్తే పాయసంలో వేస్తుందట. నన్ను డబ్బా దగ్గరికి కూడా రానివ్వట్లేదు, ఎవరి కూతుర్నో నాకు అర్థం కావట్లేదు.

పెళ్లెప్పుడు అని ఇవాళ ఫోన్ చేసి అడిగే బంధువులందరికీ నెట్‌వర్క్ లేదని చెప్పెయ్. సాయంత్రం నీకు నచ్చింది తిను, బిల్లు నాకు పంపు, మరీ పెద్ద హోటల్‌కి మాత్రం పోకు.

ఈసారి వచ్చినప్పుడు రైల్లో పడుకుని నేరుగా పలాస వెళ్లిపోకు. ఆముదాలవలసలో దిగు, బండి వేసుకుని వస్తాను. ఒక పూట మా ఇంట్లో ఉండి, పొంగడాలు తిని, మర్నాడు మీ ఊరెళ్లు. మీ అమ్మగారికి నేను చెప్తాలే. టికెట్ ఏ రోజుకి తీశావో రాత్రికల్లా చెప్పు.