మా నాన్నగారి 12-11-2025 నాటి ల్యాబ్ రిపోర్టుకు యథాతథ నకలు

నల్లకుంట, హైదరాబాద్
14-11-2025, శుక్రవారం

గౌరవనీయులైన డాక్టరు గారికి,

నమస్కారం. మా నాన్నగారి రక్త, మూత్ర పరీక్షల రిపోర్టును ఫోనుతో ఫోటో తీసి పంపినప్పుడు రెండో పేజీ మడత దగ్గర వరుసలు చదవడానికి రావడం లేదనీ, సోమవారం 17వ తేదీన ఆయనను తీసుకువచ్చేలోగా అంకెలన్నీ టైపు చేసి పంపమనీ మీ క్లినిక్ నుంచి ఫోను చేసి చెప్పారు. అసలు కాగితాలను వైద్య ఖర్చుల బిల్లుతో జతపరిచి పింఛను ఆఫీసులో ఇవ్వవలసి ఉన్నందున, ఆ తరువాత కూడా మీ ఫైలులో ఉండేలా ఈ నకలును సిద్ధం చేశాను.

రోగి పురుషుడు, వయసు 67 ఏళ్లు. రిపోర్టులో ఉన్న ప్రకారం పరగడుపు నమూనాను 12-11-2025 ఉదయం 07:18కి, భోజనానంతర నమూనాను అదే రోజు 09:52కి తీసుకున్నారు. రిపోర్టు 14:40కి విడుదలైంది. పరీక్షల పేర్లను మాత్రమే తెలుగు లిపిలోకి మార్చాను. అంకెలు, దశాంశ బిందువులు, కామాలు, యూనిట్లు, పక్కన ఉన్న H, L అక్షరాలు, తక్కువ ఎక్కువలను తెలిపే గుర్తులు అన్నీ ముద్రణలో ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

| పరీక్ష | ఫలితం | యూనిట్ | రిఫరెన్స్ రేంజి |
|---|---|---|---|
| హిమోగ్లోబిన్ | 10.4 L | g/dL | 13.0 - 17.0 |
| ఆర్‌బీసీ కౌంట్ | 3.78 L | mill/cumm | 4.50 - 5.50 |
| పీసీవీ | 31.6 L | % | 40.0 - 50.0 |
| ఎంసీవీ | 83.6 | fL | 83.0 - 101.0 |
| ఎంసీహెచ్ | 27.5 | pg | 27.0 - 32.0 |
| ఎంసీహెచ్‌సీ | 32.9 | g/dL | 31.5 - 34.5 |
| టోటల్ డబ్ల్యూబీసీ కౌంట్ | 7,800 | cells/cumm | 4,000 - 10,000 |
| న్యూట్రోఫిల్స్ | 68 | % | 40 - 80 |
| లింఫోసైట్స్ | 22 | % | 20 - 40 |
| ఈసినోఫిల్స్ | 05 | % | 01 - 06 |
| మోనోసైట్స్ | 05 | % | 02 - 10 |
| బేసోఫిల్స్ | 00 | % | 00 - 02 |
| ప్లేట్‌లెట్ కౌంట్ | 1.86 | lakhs/cumm | 1.50 - 4.10 |
| గ్లూకోజ్, పరగడుపున | 138 H | mg/dL | 70 - 100 |
| గ్లూకోజ్, భోజనానంతరం | 212 H | mg/dL | 70 - 140 |
| హెచ్‌బీఏ1సీ | 7.4 H | % | < 5.7 |
| అంచనా సగటు గ్లూకోజ్ | 166 | mg/dL | ముద్రించలేదు |
| యూరియా | 58 H | mg/dL | 17 - 43 |
| బ్లడ్ యూరియా నైట్రోజన్ | 27.1 H | mg/dL | 8.0 - 20.0 |
| క్రియాటినిన్ | 1.62 H | mg/dL | 0.70 - 1.30 |
| ఈజీఎఫ్ఆర్ | 46 | mL/min/1.73 m² | > 60 |
| యూరిక్ యాసిడ్ | 7.3 H | mg/dL | 3.5 - 7.2 |
| సోడియం | 136 | mmol/L | 136 - 145 |
| పొటాషియం | 5.2 H | mmol/L | 3.5 - 5.1 |
| క్లోరైడ్ | 102 | mmol/L | 98 - 107 |
| టోటల్ ప్రొటీన్ | 6.9 | g/dL | 6.4 - 8.3 |
| ఆల్బుమిన్ | 3.8 | g/dL | 3.5 - 5.2 |
| గ్లోబులిన్ | 3.1 | g/dL | 2.0 - 3.5 |
| టోటల్ కొలెస్ట్రాల్ | 178 | mg/dL | < 200 |
| ట్రైగ్లిజరైడ్స్ | 196 H | mg/dL | < 150 |
| హెచ్‌డీఎల్ | 38 L | mg/dL | > 40 |
| వీఎల్‌డీఎల్ | 39.2 H | mg/dL | < 30 |
| ఎల్‌డీఎల్ | 100.8 H | mg/dL | < 100 |
| టీఎస్‌హెచ్ | 4.86 | µIU/mL | 0.35 - 4.94 |
| సీఆర్‌పీ | < 3.0 | mg/L | 0.0 - 6.0 |
| మూత్రంలో ఆల్బుమిన్ | 86.4 | mg/L | ముద్రించలేదు |
| మూత్రంలో క్రియాటినిన్ | 72.0 | mg/dL | ముద్రించలేదు |
| ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి | 120.0 H | mg/g | < 30.0 |

ఈ పట్టికలో మీకు అనుమానం రాగల చోట్ల గురించి నాలుగు మాటలు రాయడం నా బాధ్యత.

అన్నిటికంటే ముందు యూరిక్ యాసిడ్. సరిగ్గా మడత ఈ వరుస మీదుగా పోవడం వల్ల దశాంశం తరువాతి అంకె సగం చెరిగి, కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే 3 లాగానూ, ట్యూబ్‌లైటు కింద చూస్తే 8 లాగానూ కనిపించింది. పక్కన H అనే అక్షరం స్పష్టంగానే ఉంది గానీ, రేంజి 7.2 దగ్గర ఆగుతున్నందున 7.3 అయినా 7.8 అయినా H పడుతుంది కాబట్టి ఆ అక్షరం వల్ల ప్రయోజనం లేకపోయింది. పోయినసారి ఎంత ఉందో చూసి దానికి దగ్గరగా ఉన్నది రాయమని నాన్నగారు అన్నారు. అలా రాస్తే అది నకలు కాదు, నా ఊహ అవుతుందని చెప్పి, నిన్న సాయంత్రం ల్యాబ్ కౌంటరుకు స్వయంగా వెళ్లాను. రిపోర్టు మీది బార్‌కోడ్ నంబరు ఇస్తే అక్కడి ఉద్యోగి స్క్రీను మీద తెరిచి చూపించారు. అక్కడ ఉన్నది 7.3. ఆ ఒక్క వరుసకు మరో ప్రింటు తీసి ఇచ్చారు, దాన్ని అసలు రిపోర్టుకు పిన్ను చేశాను. పట్టికలో కాగితం నుంచి కాక స్క్రీను నుంచి నిర్ధారించుకున్న అంకె ఇదొక్కటే.

ఈజీఎఫ్ఆర్ 46 ఎదురుగా రేంజి > 60 అని ఉన్నప్పటికీ రిపోర్టులో L అని ముద్రించలేదు. ఇది నేను వదిలేసినది కాదు, కాగితం మీదే లేదు. ఉండవలసినదని నాకు అనిపించినా చేర్చలేదు. అలాగే సోడియం 136 రేంజి కింది అంచున, టీఎస్‌హెచ్ 4.86 పై అంచుకు దగ్గరగా ఉన్నాయి; వాటికీ ఏ అక్షరమూ లేదు.

సీఆర్‌పీ గడిలో < గుర్తు ఫలితానికి చెందినది, రేంజికి కాదు. అంటే విలువ 3.0 అని కాక 3.0 కంటే తక్కువ అని ల్యాబ్ చెబుతోంది. టైపు చేసేటప్పుడు ఈ చిన్న గుర్తు జారిపోయే ప్రమాదం ఎక్కువ కనుక విడిగా ప్రస్తావిస్తున్నాను.

ప్లేట్‌లెట్ కౌంటును ల్యాబ్ వారు లక్షల్లో ఇచ్చారు కాబట్టి 1.86 అనే ఉంచాను. 1,86,000 అని విడదీసి రాయలేదు. ఈసినోఫిల్స్, మోనోసైట్స్ దగ్గర 05లో ముందున్న సున్నా, ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 120.0లో చివరి సున్నా కూడా ముద్రణలోవే. పోయిన ఏడాది వేరే ల్యాబ్ రిపోర్టులో పొటాషియం, సోడియం యూనిట్ mEq/L అని ఉండేది, ఇప్పుడు mmol/L అని ఉంది. ఈ రెండు లవణాల విషయంలో అంకె మారదని తెలిసినా, పాత రిపోర్టుతో పొందిక కోసం యూనిట్‌ను మార్చలేదు. లండన్‌లో ఉన్న మా అన్నయ్య, అక్కడి ఆసుపత్రుల్లో క్రియాటినిన్‌ను µmol/L లో చెబుతారనీ, 88.4తో గుణించి ఆ విలువను కూడా పక్కన రాయమనీ అడిగాడు. అతనికి విడిగా మెసేజ్ పెట్టాను. ఒకే గడిలో రెండు అంకెలు ఉంటే ఏది ల్యాబ్ ఇచ్చిందో, ఏది ఇంట్లో లెక్క కట్టిందో రేపు ఎవరికీ తెలియదు.

ఇంత పట్టుదల ఎందుకో మీకు తెలుసు. ఆగస్టులో నేను చేతితో రాసి తెచ్చిన నకలులో క్లోరైడ్ పేరునూ ఫలితాన్నీ వదిలేసి, దాని రేంజిని మాత్రం దించి, ఫలితాలను ఒక నిలువు వరుసగానూ రేంజిలను మరో నిలువు వరుసగానూ వేరువేరుగా దించడం వల్ల, అక్కడి నుంచి రేంజిలన్నీ ఒక్కో గడి కిందికి జరిగాయి. అంకెల్లో ఒక్కటీ తప్పు కాకపోయినా పట్టిక మొత్తం తప్పయింది. టోటల్ ప్రొటీన్ ఎదుట 98 - 107 కనిపించగానే మీరు పట్టుకున్నారు కనుక సరిపోయింది, లేకపోతే ఆ కాగితమే ఫైలులో నిలిచేది. అందుకే ఈసారి నిలువుగా కాక అడ్డంగా, ఒక్కో పరీక్షకు నాలుగు గడులూ పూర్తయ్యాకే కింది వరుసకు దిగాను. చదువుతున్న వరుస కింద స్కేలు పెట్టుకున్నాను.

టైపు చేయడం పూర్తయ్యాక, రాసినవాడికి తన తప్పు కనిపించదు కనుక, మా చెల్లెలు అసలు రిపోర్టు చేతిలో పట్టుకుని ఒక్కో అంకెనూ విడివిడిగా, ఒకటి పాయింట్ ఆరు రెండు, సున్నా పాయింట్ ఏడు సున్నా నుంచి ఒకటి పాయింట్ మూడు సున్నా, అంటూ పైకి చదువుతుంటే నేను స్క్రీను మీద సరిచూసుకున్నాను. తరువాత కాగితాలు మార్చుకుని, కింది వరుస నుంచి పైకి మరోసారి చదివాం. మొదటి విడతలో ఒక పొరపాటు దొరికింది: హెచ్‌డీఎల్ రేంజి > 40 ను నేను < 40 అని కొట్టాను. దాన్ని సరిదిద్దాను. రెండో విడతలో ఏమీ దొరకలేదు. వరుసలు లెక్కపెడితే అసలులో 38, నకలులో 38.

ఇవి కాక కొన్ని లెక్కలు కూడా చూశాను, అయితే అంకెలు దిద్దడానికి కాదు, దించడంలో ఎక్కడైనా జారానేమో తెలుసుకోవడానికి. తెల్లకణాల శాతాలు ఐదూ కలిపితే 100 వచ్చింది. ఆల్బుమిన్ 3.8, గ్లోబులిన్ 3.1 కలిపితే టోటల్ ప్రొటీన్ 6.9తో సరిపోయింది. ట్రైగ్లిజరైడ్స్ 196ను 5తో భాగిస్తే వీఎల్‌డీఎల్ 39.2 వస్తుంది; 178లోంచి 38, 39.2 తీసేస్తే ఎల్‌డీఎల్ 100.8 మిగులుతుంది. పీసీవీని ఆర్‌బీసీతో భాగించి 10తో గుణిస్తే ఎంసీవీ 83.6 దగ్గరే తేలింది. ఒకవేళ ఏదైనా లెక్క కుదరకపోయి ఉంటే, కాగితంలో ఉన్న అంకెనే ఉంచి ఆ సంగతిని ఇక్కడ మీ దృష్టికి తెచ్చేవాణ్ణి.

రిపోర్టు చివర ఉన్న పెథాలజిస్టు సంతకం, ల్యాబ్ ముద్ర, ముందు పేజీలోని చిరునామా ఈ నకలులో లేవు. రేంజిలు ఆ ల్యాబ్ తన యంత్రాలకూ పద్ధతులకూ తగినట్టు ఇచ్చినవి కనుక, ఆగస్టు నాటి రిపోర్టుతో పోల్చేటప్పుడు దాని రేంజిలను దాని కాగితం నుంచే చూడవలసిందిగా మనవి.

అసలు కాగితాలు మూడు పేజీలూ, పిన్ను చేసిన అదనపు ప్రింటుతో సహా, సోమవారం మీ దగ్గరికి తీసుకువస్తాను. మీరు చూసిన తరువాతే మధ్యాహ్నం పింఛను ఆఫీసులో ఇస్తాను.

ఇట్లు,
రోగి కుమారుడు

సరిచూసినది: రోగి కుమార్తె, 14-11-2025, రాత్రి 9:30